ఒకే రంగు, మూడు మెట్లు: మ్యాచింగ్ సెంటర్‌లో ఏం అడగాలి

మనలో చాలామంది ఆడవాళ్లకి రంగు చూసే కన్ను మొదట మ్యాచింగ్ సెంటర్‌లోనే అబ్బుతుంది. చీర కవర్లోంచి తీసి బల్ల మీద పరుస్తాం. కుర్రాడు వెనక అరల్లోంచి ఐదారు తాన్లు దించి చీర పక్కన పెడతాడు. మనకి నమ్మకం కుదరకపోతే "బయటికి తీసుకెళ్లి వెలుతుర్లో చూస్కోండి మేడం" అంటాడు. గుమ్మంలో నిలబడి, రెండూ కలిపి పట్టుకుని, ఏ తాను చీరలో కలిసిపోయి కనబడకుండా పోతుందో దాన్నే మీటరు కోయించుకుంటాం.

జాకెట్టుకి ఇది మంచి పద్ధతే. తల నుంచి పాదం దాకా ఒకే రంగులో తయారవుదామనుకున్న రోజున మాత్రం ఇదే అలవాటు దెబ్బకొడుతుంది. అక్కడ కావలసింది కలిసిపోయే రంగు కాదు. ఒకే రంగులో ముదురు, మధ్యస్థం, లేత అని మూడు మెట్లు కావాలి. ఒక్కో మెట్టూ విడిగా కనబడాలి. ఫ్యాషన్ వాళ్లు దీన్నే టోనల్ డ్రెస్సింగ్ అంటారు. కొట్లో "టోన్ టు టోన్" అన్నా అర్థమవుతుంది.

నేను విశాఖపట్నం మద్దిలపాలెంలో ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తాను. మా పిన్ని కూతురు సిరిపురంలో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. స్నేహితురాలి రిసెప్షన్‌కి ఇటుక రంగులో వెళ్లాలని దానికి ముచ్చట. కుర్తా, ప్యాంటు, దుపట్టా మూడూ అదే రంగులో ఉన్న రేయాన్ సెట్టు కొని తెచ్చి, వేసుకుని, మా ఇంటి అద్దం ముందు నిలబడింది. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసుకుని, "ఏటక్కా ఇది, కుమ్మరి ఆవంలోంచి ఇప్పుడే తీసిన కుండలా ఉన్నాను" అంది. నాకు నవ్వాగలేదు గానీ, అది అన్నది నిజమే. రంగు మంచిదే. మూడూ ఒకే తాను గుడ్డ కావడంతో కుర్తా ఎక్కడ ఆగిందో, ప్యాంటు ఎక్కడ మొదలైందో, దుపట్టా ఉందో లేదో తెలియడం లేదు. ఆ సెట్టును వారం రోజుల్లో ఎలా దారికి తెచ్చామో చెబుతాను. మీ రంగు వేరైనా పని వరస ఇదే.

ముందు ఒక్క బట్టని ఖాయం చేసుకోండి

మూడూ కొత్తగా కొనాలని బయల్దేరకండి. బీరువాలో మీకు నచ్చిన రంగులో, ఒంటి మీద ఎక్కువ చోటు కప్పే బట్ట ఒకటి తీసుకోండి. కుర్తా కావచ్చు, చీర కావచ్చు, షర్టు కావచ్చు. మిగతావన్నీ దాన్ని బట్టే వెతుక్కోవాలి. మేము సెట్టులోని కుర్తా ఉంచుకుని, ప్యాంటూ దుపట్టా పక్కన పెట్టేశాం. ఆ ప్యాంటు ఇప్పుడు తెల్ల కుర్తా మీదకి చక్కగా వాడుతోంది.

తర్వాత ఆ రంగు ఎటు వాలుతోందో చూసుకోవాలి. ఎరుపుల్లో కొన్ని పసుపు వైపు వాలతాయి, కొన్ని గులాబీ వైపు వాలతాయి. నీలాల్లో కొన్ని పచ్చ వైపు పోతాయి, కొన్ని వంగపండు వైపు పోతాయి. ఒక్క గుడ్డనే చూస్తూ కూర్చుంటే ఇది తేలదు. పక్కన తోడు కావాలి. కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి దాని మీద మీ బట్ట పెట్టండి. ఒక పక్క పసుపు కొమ్ము, ఇంకో పక్క ఏదైనా రాణి పింక్ గుడ్డ ఉంచండి. ఏ పక్క చుట్టరికం కనబడితే మీ రంగు అటు వాలినట్టు. మా ఇటుక రంగు స్పష్టంగా పసుపు వైపుది. కాబట్టి ఉల్లిపొట్టు రంగు, రోజా రంగు, మెరూన్ ఎంత అందంగా ఉన్నా మాకు పనికిరావు. మాకు కావలసినవి కావి, మసూర్ పప్పు రంగు, ముక్కుపొడి రంగు, వక్క రంగు.

ఈ మెట్టు దాటేసిన వాళ్లకి ఏమవుతుందో చెప్పడానికి మా చెల్లెలే ఉదాహరణ. నాకు చెప్పకుండా జగదాంబ దగ్గరకెళ్లి, కుర్తాకి "దగ్గరగా" ఉందని ఒక దుపట్టా తెచ్చేసింది. విడిగా చూస్తే మంచి ఎరుపు. కుర్తా మీద వేయగానే పది ఉతుకులు తిన్న పాత దుపట్టాలా అయిపోయింది. అందులో గులాబీ ఛాయ ఉంది. ఇటుక రంగు పక్కన పడేసరికి ఆ గులాబీ ఇంకా గులాబీ అయింది, కుర్తాలోని పసుపు ఇంకా పసుపు అయింది.

ఇది దాని దురదృష్టం కాదు, మన కంటి లక్షణం. పారిస్‌లో గోబెలిన్ తివాచీల కార్ఖానాలో అద్దకాల పని చూసిన షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకి ఇలాంటి తగువే వచ్చింది. నల్లదారం సరిగ్గా నలుపు తేలడం లేదని నేతగాళ్లు గోల పెట్టారు. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా దారాలే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. పక్కపక్కనున్న రెండు రంగుల మధ్య తేడాని కన్ను పెంచి చూపిస్తుందని ఆయన 1839లో పుస్తకమే రాశాడు. దాన్నుంచి మనకి పనికొచ్చే సంగతి ఒకటి తీసుకోవచ్చు. తేడా చిన్నదైతే అది పొరపాటులా పెరిగి కనబడుతుంది, పెద్దదైతే కావాలని చేసినట్టు కనబడుతుంది. రెండు గుడ్డలు అచ్చంగా ఒకటైనా పరవాలేదు, బాగా దూరంగా ఉన్నా పరవాలేదు. "దాదాపు ఒకటే" అనిపించే గుడ్డని మాత్రం కొట్లోనే వదిలేసి రండి.

మెట్లు లెక్కపెట్టడం

నలుపు నుంచి తెలుపు దాకా పది మెట్ల నిచ్చెన ఊహించుకోండి. అడుగున కాటుక నలుపు, పైన సున్నపు తెలుపు. రంగు ఏదైనా, దానికి ఈ నిచ్చెన మీద ఒక చోటుంటుంది. నిమ్మపండు పసుపు ఎనిమిదో మెట్టు దగ్గర ఉంటుంది, నేవీ బ్లూ రెండో మెట్టు దగ్గర ఉంటుంది. ఈ కొలత నేను కనిపెట్టింది కాదు. మన్సెల్ అనే అమెరికన్ చిత్రకళా ఉపాధ్యాయుడు వందేళ్ల కిందటే రంగుని మూడు రకాలుగా కొలవాలన్నాడు: ఏ రంగు, ఎంత లేత, ఎంత నిండు. మన పనికి నడిమిదే ముఖ్యం.

నా లెక్క ఏమిటంటే, ఒంటి మీద పక్కపక్కన ఉండే రెండు బట్టల మధ్య కనీసం రెండు మెట్ల తేడా ఉండాలి. మా ఇటుక కుర్తా నాలుగో మెట్టు దగ్గరుంది. కాబట్టి ప్యాంటు రెండుకి దిగాలి, దుపట్టా ఏడుకో ఎనిమిదికో ఎక్కాలి. మ్యాచింగ్ సెంటర్ కుర్రాడికి నిచ్చెన సంగతి చెప్పక్కర్లేదు. "ఇదే కలరు, డార్క్‌లో చూపించు. ఇంకా డార్క్ చూపించు" అనండి. మొదటిసారి అతను తీసే తాను మీ గుడ్డకి మరీ దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే రోజంతా అతను చేసే పని అదే. రెండోసారి తీసిందే మీకు కావలసింది.

కన్ను మోసపోతుందనుకుంటే ఫోను ఉంది. మూడు గుడ్డలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఒకే ఫోటో తీయండి. గ్యాలరీలో ఎడిట్ చేసి రంగు మొత్తం తీసేయండి, నలుపు తెలుపు ఫోటో అవుతుంది. అప్పుడు మూడు బూడిద రంగులు విడివిడిగా కనబడితే మీ ఎంపిక కుదిరినట్టు. రెండు కలిసిపోతే ఆ రెంటిలో ఒకటి మార్చాలి. మా సెట్టు ఫోటో ఇలా మార్చి చూపిస్తే ఒకే బూడిద ముద్ద కనబడింది. చెల్లికి విషయం అప్పుడు ఎక్కింది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ పరీక్ష లేత ముదురుల వరకే పనికొస్తుంది. రంగు ఎటు వాలుతోందన్నది ఫోను చెప్పలేదు, కెమెరా తనకి తోచినట్టు రంగులు సర్దేస్తుంది. దానికి కిటికీ వెలుతురే గతి.

మెట్లు ఎలా ఉండాలో చూడాలనుకుంటే భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలకి సాయంత్రం పూట వెళ్లండి. పైన లేత పసుపు ఇసుక, దిగితే గోధుమ రంగు, ఇంకా దిగితే నిండు ఇటుక ఎరుపు, గండ్ల లోపల నీడ పడిన చోట వక్క రంగు. మా చెల్లి డ్రెస్సుకి నేను కాపీ కొట్టింది అక్కడినుంచే.

గుడ్డ మారాలి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. షేడ్లు సరిగ్గా తెచ్చుకుంటారు, మూడూ కాటనే తెచ్చుకుంటారు. ఒకే నునుపు, ఒకే మందం ఉంటే మెట్లున్నా చప్పగానే ఉంటుంది, పెయింటు కంపెనీ షేడ్ కార్డులా.

వెలుతురు ఒక్కో గుడ్డ మీద ఒక్కోలా పడుతుంది. పట్టు మీద పడితే జారి మెరుస్తుంది. చేనేత కాటన్ మీద పడితే నూలు ఎగుడుదిగుడుల్లో చిక్కుకుని నిలిచిపోతుంది. రేయాన్ ఒంటికి జారుతుంది, మడత దగ్గర కొంచెం మెరుస్తుంది. పల్చటి గుడ్డలోంచి కింది రంగు తొంగిచూస్తుంది. అందుకే ఒకే రంగులో ఉన్నా గుడ్డలు మారితే ఇంకో వరస తేడా పుడుతుంది.

మేము ఇలా చేశాం. కుర్తా రేయానే, మెత్తగా జారేది. ప్యాంటుకి ముదురు వక్క రంగు మంగళగిరి కాటన్ రెండుంపావు మీటర్లు తీసుకున్నాం. అది గట్టి నేత, అసలు మెరవదు, నిలబడి ఉంటుంది. దుపట్టాకి మసూర్ పప్పు రంగు చందేరి రెండున్నర మీటర్లు. చందేరి పల్చన. అది కుర్తా మీద పడ్డ చోట ఇటుక ఎరుపు లోపలినుంచి కనబడి, రెంటికీ మధ్యలో కొత్త షేడ్ ఒకటి దానంతటదే వచ్చింది. భుజం దగ్గర రెండు మడతలు పడ్డ చోట ఇంకొంచెం లేతగా, చేతి మీద ఒంటరిగా జారిన చోట అసలు రంగులో. డబ్బులు పెట్టకుండా వచ్చిన షేడ్ అది. మీరు ఏ రంగు ఎంచుకున్నా, మూడింటిలో ఒకటి పల్చటిది ఉండేలా చూసుకోండి. అన్నిటికంటే లేతది పల్చనైతే మేలు. ముదురు గుడ్డ పల్చనై లేతదాని మీద పడితే మురికి పట్టినట్టుంటుంది.

అల్లికా ప్రింటూ ఉండకూడదని కాదు. కొట్టువాళ్లు "సెల్ఫ్ డిజైన్" అంటారే, నేసిన రంగులోనే పువ్వు లేచేది, అది ఈ పనికి బాగా కుదురుతుంది. జరీ పని పెద్దదైతే మాత్రం చూపంతా అది లాగేసుకుంటుంది.

ఏది ఎక్కడ

మూడూ సమానంగా ఉంటే మూడు చారల జెండాలా ఉంటుంది. ఒకటి సగానికి పైగా కప్పాలి, ఒకటి దానిలో సగం, ఇంకొకటి కొద్దిగా. మోకాలి కిందికి వచ్చే కుర్తా అయితే ఈ లెక్క దానంతటదే కుదురుతుంది. పొట్టి కుర్తా, పెద్ద పలాజో అయితే కొలత తప్పుతుంది, అప్పుడు కుర్తాని నాలుగంగుళాలు పొడుగు కుట్టించుకోండి.

మొహానికి దగ్గరగా లేత రంగా, ముదురు రంగా అని అడుగుతుంటారు. దీనికి ఒక్కటే సమాధానం లేదు గానీ, ఇటుక, గోధుమ, గంధం లాంటి రంగులకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మన ఒంటి రంగు కూడా ఆ కుటుంబానిదే. గుడ్డ రంగూ ఒంటి రంగూ ఒకే మెట్టు మీద పడితే మెడ ఎక్కడ ముగిసిందో తెలియదు, మనిషి వడిలినట్టు కనబడుతుంది. గుడ్డని దవడ కింద పట్టుకుని, అద్దానికి రెండు అడుగుల దూరంలో నిలబడి చూడండి. చర్మం నుంచి గుడ్డ విడివడి కనబడాలి. చెల్లి ఛాయ చామనఛాయ, ఐదో మెట్టు అనుకోండి. ఇటుక కుర్తా దానికి మరీ దగ్గర. అందుకే దుపట్టాని ఒక భుజం మీద వేలాడదీయకుండా మెడ చుట్టూ వేసి రెండు చివర్లూ వెనక్కి వదిలాం. మొహం పక్కన లేత రంగు రాగానే మొహం తేటపడింది. మీరు ఎర్రగా ఉన్నా, నల్లగా ఉన్నా పరీక్ష ఇదే, గుడ్డలు మాత్రమే మారతాయి.

ప్రతి షేడూ రెండుచోట్ల

ఇది నా సొంత సూత్రం, కుట్టేవాళ్లకి తెలిసిన చిట్కా. ఏ షేడైనా ఒక్కచోటే కనబడితే దొరికింది వేసుకున్నట్టు ఉంటుంది. అదే షేడు ఇంకోచోట చిన్నగా కనబడితే ఎవరో ఆలోచించి చేసినట్టుంటుంది.

ప్యాంటు కత్తిరించగా మిగిలిన వక్క రంగు ముక్కతో కుర్తా మెడకీ చేతుల అంచులకీ సన్నటి పైపింగ్ వేశాను. పావు అంగుళం కూడా లేదు. ముదురు రంగు కిందా పైనా రెండుచోట్లా కనబడేసరికి కుర్తా, ప్యాంటూ చుట్టాలైపోయాయి. దుపట్టా లేత రంగుకి జోడీగా ఏటికొప్పాక లక్క గాజులు దొరికాయి. అంకుడు కర్ర మీద లక్క పట్టించి చేస్తారు కదా, ఆ కావి రంగులూ పసుపు గోధుమలూ ఇటుక రంగు పక్కన సొంత ఇంట్లో ఉన్నట్టుంటాయి. మూడు సన్నవి, ఒక వెడల్పుది, ఒకే చేతికి.

చెప్పులు ముదురు షేడుకి దగ్గరగా ఉంటే చాలు, ఇక్కడ కచ్చితమైన మ్యాచింగ్ వెతకొద్దు. తోలు ఎలాగూ వేరే గుడ్డ, తేడా తప్పుగా తోచదు. నల్ల చెప్పులు మాత్రం పాదం దగ్గర గీత గీసినట్టు కోసేస్తాయి. బంగారం ఇటుక, పసుపు, ఆకుపచ్చ కుటుంబాల్లో కలిసిపోతుంది. నీలం, బూడిద రంగుల్లో వెండి మెరుగు. కుట్టు దారం, గుండీలు, జిప్పు కూడా చూసుకోండి. రెడీమేడ్ కుర్తాకి వచ్చే తెల్ల గుండీలు మూడు మెట్ల కష్టాన్నీ మూడు చుక్కల్లో పాడుచేస్తాయి. అవి మార్చడానికి పావుగంట పని.

గుమ్మంలో ఒకసారి, దీపం కింద ఒకసారి

వేర్వేరు నూళ్లకి వేర్వేరు అద్దకాలు వాడతారు. కాటన్‌కి వాడే రంగు పాలిస్టర్‌కి పట్టదు, పాలిస్టర్ రంగు పట్టుకి వేరు. అందుకే కొట్లో ట్యూబులైట్ కింద కవలల్లా ఉన్న రెండు గుడ్డలు ఎండలోకి రాగానే విడిపోతాయి. మనవాళ్లు గుమ్మంలోకి పరుగెత్తడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. ఫంక్షన్ సాయంత్రమైతే గుమ్మం ఒక్కటే చాలదు. ఇంటికి తెచ్చి పసుపు వెలుతురు బల్బు కింద కూడా చూడండి. పసుపు వెలుతుర్లో ఎరుపులు నిండుగా వెలుగుతాయి, నీలాలు డీలాపడతాయి. నేవీ బ్లూ నలుపైపోతుంది, దాని మీద మధ్యస్థ నీలం ఒక మెట్టు దిగుతుంది. కాబట్టి నీలం కుటుంబంలో రాత్రి ఫంక్షన్‌కి వెళ్లేటప్పుడు అన్నీ ఒక మెట్టు లేతగా తీసుకోండి.

ఇక మన ఊరి చెమట. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో ఇది చిన్న విషయం కాదు. తడిసిన గుడ్డ ముదురు అవుతుంది, అంటే మీరు కోరుకోని నాలుగో షేడు చంకల దగ్గరా వీపు మీదా పుడుతుంది. మధ్య మెట్ల రంగులే ఎక్కువ పట్టిస్తాయి, బూడిద, లేత నీలం, ఇటుక. బాగా ముదురువీ, తెలుపుకి దగ్గరవీ దాచుకుంటాయి. కొనేముందు కొట్లో నీళ్లు చిలకరించలేం గానీ, ఇంటికొచ్చాక లోపలి కుట్టు మడత మీద ఒక నీటిబొట్టు వేసి చూడండి. మచ్చ ఎంత నల్లబడిందో, ఎంతసేపటికి ఆరిందో తెలుస్తుంది. మా రేయాన్ కుర్తా దారుణంగా నల్లబడింది. చంకల్లో కాటన్ లైనింగ్ ముక్కలు రెండు పొరలు వేసి కుట్టాను. దుపట్టా వెనక్కి వదలడానికి అసలు కారణాల్లో వీపు కప్పడం కూడా ఒకటి, అది ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నీలం, తెలుపు, నలుపు గురించి నాలుగు మాటలు

మగవాళ్లకి అన్నిటికంటే తేలిక నీలం. నేవీ ప్యాంటు, లేత నీలం లినెన్ షర్టు, మధ్యలో ముదురు గోధుమ బెల్టు. లినెన్ నలుగుతుందని భయపడకండి, ఆ ముడతల్లోనే షేడ్లున్నాయి. జీన్స్ మరీ సుఖం. నిలువు దారం నీలిమందుది, అడ్డదారం తెల్లది, కాబట్టి గుడ్డలోనే రెండు మెట్లున్నాయి. కానీ అదే నీలంలో జీన్స్ షర్టు, జీన్స్ ప్యాంటు రెండూ వేస్తే మా ఆయన్ని అడిగినట్టే "ఏ ప్లాంటులో పని?" అని అడుగుతారు. నేవీ, షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు ఉన్న ఊళ్లో ఒకే రంగు చొక్కా ప్యాంటు చూస్తే జనానికి యూనిఫామే గుర్తొస్తుంది. పైదీ కిందిదీ కనీసం మూడు మెట్లు విడదీయండి.

తెలుపు తేలికనుకుంటారు గానీ అదే కష్టం. మిల్లు షర్టుగుడ్డలకి తెల్లదనం తేలడానికి మెరుగుమందు పెడతారు, ఎండలో కొంచెం నీలంగా మెరుస్తాయి. పొందూరు ఖద్దరు మీగడ రంగు. రెండూ పక్కపక్కన పెడితే ఖద్దరు మాసినట్టు కనబడుతుంది, పాపం దాని తప్పేం లేదు. మీగడ తెలుపులన్నీ ఒక జట్టు, నీలం తెలుపులన్నీ ఇంకో జట్టు, కలపకండి.

నలుపులో మెట్లు లేవు, గుడ్డే మారాలి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మగవాళ్లు తల నుంచి పాదం దాకా నల్ల కాటన్ వేసి బయటికెళితే ఆటోవాలా "ఎక్కడికి స్వామీ?" అంటాడు. అయ్యప్ప దీక్ష కాదని దారంతా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో నలుపు ఇష్టమైతే మెరిసే గుడ్డ ఒకటి, తోలు ఒకటి కలపండి, లేదా బొగ్గు బూడిద రంగు ప్యాంటుకి మారండి.

ఉతుకులో మెట్టు జారితే

ఈ డ్రెస్సుకి ఆయుష్షు ఉతుకు దగ్గర తేలుతుంది. మూడూ ఒకే వేగంతో వెలవవు. కుర్తాని విడిగా కూడా వేసుకుంటారు కాబట్టి అది ముందు లేతబడుతుంది, దుపట్టా వైపు జరుగుతుంది. రెండు మెట్ల తేడా ఒకటిన్నరకి వచ్చిందంటే మళ్లీ "దాదాపు" అనే గోతిలో పడ్డట్టే. తిరగేసి ఉతికి, తిరగేసే నీడన ఆరేయండి. మేడ మీద ఎండలో వేస్తే ఇటుక రంగు నెలలో ఎగిరిపోతుంది.

కత్తిరించిన రోజే మూడు గుడ్డల ముక్కలూ ఒక అట్టకి కుట్టి దాచుకోండి, అగ్గిపెట్టె అంత చాలు. చెల్లి డ్రెస్సు అట్ట నా మెషిన్ సొరుగులో ఉంది. మొన్న కుర్తా తెచ్చి దాని పక్కన పెట్టి చూశాం. రిసెప్షన్ తర్వాత ఎనిమిదిసార్లు ఉతికిందట, ఇంచుమించు సగం మెట్టు లేతబడింది. ప్యాంటు మాత్రం చెక్కుచెదరలేదు. చందేరి దుపట్టా ఇప్పటికి సరిపోతోంది. ఇంకో సగం మెట్టు జారితే ఏం చేద్దామని అడిగింది. అప్పుడు దుపట్టాని మీగడ రంగుకి మార్చి, ఈ మసూర్ పప్పు రంగుది కొత్త ఇటుక చీర మీదకి జాకెట్టుగా కుట్టేద్దామన్నాను.